ఎకానమీ పదాల పట్టికలో ఉదాహరణల గడే అసలైనది

"సార్, నల్లగొండలో రూమ్ తీసుకుని గ్రూప్-2కి చదువుతున్న. ఎకానమీ పదాలన్నీ పట్టికగా రాసుకున్న. చదివితే అన్నీ వచ్చినట్టే ఉంటుంది, మాక్ టెస్టులో మాత్రం రెవెన్యూ లోటు, ద్రవ్యలోటు కలిసిపోతున్నయి. పట్టిక ఎట్లా రాసుకోవాలి?"

పుస్తకంలోని నిర్వచనాన్ని ఉన్నది ఉన్నట్టు దించుకుని, ఉదాహరణ గడిని ఖాళీగా వదిలేసి ఉంటారు. చాలామంది చేసేది అదే. ఇంకోటి, పదాలను అక్షర క్రమంలో పెడితే కలిసిపోయే పదాలు తలో పేజీలో పడతాయి. పోల్చి చూడాల్సినవి పక్కపక్కనే ఉండాలి. లోటు పదాలు మూడూ ఒకే పేజీలో రాయండి, మూడింటికీ ఒకే లెక్క వాడండి.

ఒక ప్రభుత్వానికి రెవెన్యూ రాబడి 100 కోట్లు, ఇచ్చిన అప్పుల్లో తిరిగి వచ్చింది 5 కోట్లు అనుకుందాం. రెవెన్యూ వ్యయం 110 కోట్లు, అందులో వడ్డీలే 15. మూలధన వ్యయం 30 కోట్లు.

| పదం | నిర్వచనం | ఉదాహరణ |
|---|---|---|
| రెవెన్యూ లోటు | రెవెన్యూ వ్యయంలోంచి రెవెన్యూ రాబడి తీసేస్తే మిగిలేది | 110 − 100 = 10 |
| ద్రవ్యలోటు (కోశ లోటు) | మొత్తం వ్యయంలోంచి, కొత్త అప్పులు కాని రాబడి అంతా తీసేస్తే మిగిలేది | 140 − 105 = 35 |
| ప్రాథమిక లోటు | ద్రవ్యలోటులోంచి వడ్డీ చెల్లింపులు తీసేస్తే మిగిలేది | 35 − 15 = 20 |

రెండో వరుసలో రెండు పేర్లూ రాశాను చూడండి. పేపర్లలో ఒక పేరు, పుస్తకాల్లో ఇంకో పేరు కనబడుతుంది. రెండూ వేరనుకుని టెన్షన్ పడే పిల్లలను చూశాను.

రెవెన్యూ వ్యయం, మూలధన వ్యయం దగ్గర కూడా ఇదే పద్ధతి. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలనే తీసుకోండి. పంపులు కొనడం, కాలువ తవ్వడం మూలధన వ్యయం. నీళ్లు ఎత్తిపోసినందుకు కట్టే కరెంటు బిల్లు, సిబ్బంది జీతాలు రెవెన్యూ వ్యయం. ఒకే ప్రాజెక్టులో రెండూ దొరికాయి కాబట్టి తేడా కళ్లకు కడుతుంది. వేర్వేరు ఉదాహరణలు రాసుకుంటే, నీటి ప్రాజెక్టు అనగానే మొత్తం మూలధన వ్యయమే అని పెట్టి వస్తారు.

రివిజన్ అప్పుడు పదాన్ని మూసేసి, ఉదాహరణ చూసి పదం చెప్పండి. పదం చూసి నిర్వచనం అప్పజెప్పడం తేలిక, అందుకే అన్నీ వచ్చినట్టు అనిపిస్తుంది. ఆ తర్వాత లెక్కలో ఒక్క అంకె మార్చండి. ప్రభుత్వం తన కంపెనీలో వాటా అమ్మితే 5 కోట్లు వచ్చాయి, ఖర్చు మారలేదు. ఏ లోటు ఎంత తగ్గుతుంది? అది అప్పు కాని మూలధన రాబడి కాబట్టి ద్రవ్యలోటు 30కి, ప్రాథమిక లోటు 15కి దిగుతాయి. రెవెన్యూ లోటు మాత్రం 10 దగ్గరే ఉంటుంది. పెన్ను పట్టకుండా ఇది చెప్పగలిగితే ఆ పేజీ వచ్చినట్టే.

బడ్జెట్ అంకెలను మాత్రం ఈ పట్టికలో కలపొద్దు. అవి ఏటా మారతాయి, వేరే కాగితం మీద రాసి ఇదే పేజీకి పిన్ చేసుకోండి.