బిల్లు వేసినదంతా ఆదాయం కాదు

ప్రశ్న: హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లలో రోజూ పొద్దున్నే కార్లు కడిగే సేవ నడుపుతున్నాను. 250 మంది ఖాతాదారులు, నెలకు 600 రూపాయలు. ఒకటో తేదీన ఆటోపే ద్వారా ముందుగానే తీసుకుంటాను. ప్రతి నెలా 40 మంది దాకా చెల్లింపులు విఫలమవుతున్నాయి. ఎనిమిది మంది కుర్రాళ్ల జీతాలు, షాంపూ, పెట్రోలు కలిపి ఏడో తేదీకి లక్ష రూపాయలు కావాలి. ఇంటి ఖర్చుకు మూడో తేదీన 45,000 తీసుకుంటాను. జీతాలకు తక్కువైన 19,000 రుణ యాప్‌లో తీసుకొని నెలాఖరుకు 21,000 కడుతున్నాను. ఇప్పుడు ఒక సంస్థ 3 లక్షల వ్యాపార రుణం ఇస్తానంటోంది, రోజుకు 1,250 చొప్పున 300 రోజులు కట్టాలి. దానితో రెండో ప్రాంతంలో కూడా మొదలుపెట్టాలని ఉంది. 50,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది కానీ దాన్ని కదపదలచుకోలేదు. డబ్బు రానివారికి ఎన్ని రోజులు గడువివ్వాలి? మూడు నెలల విఫల చెల్లింపుల జాబితా జత చేశాను.

జవాబు: ముందు ఆ 3 లక్షల సంగతి తేల్చేద్దాం. తీసుకోకండి. మీకు డబ్బు నెలకోసారి, అదీ మొదటి వారంలో వస్తుంది. వాళ్లకు రోజూ కట్టాలి. 20వ తేదీన 1,250 ఎక్కడి నుంచి తెస్తారు? 300 రోజుల్లో 3,75,000 కడతారు. అసలు రోజూ తగ్గుతూ పోతుంది కాబట్టి ఆ పది నెలల్లో సగటున మీ దగ్గర ఉండేది లక్షన్నరే. దాని మీద 75,000 వడ్డీ అంటే ఏడాది లెక్కన 60 శాతం దరిదాపుల్లో పడుతుంది. ఇక రుణ యాప్ అయితే 19,000 మీద నెలకే 2,000, అంటే పది శాతం పైన. అంత వడ్డీ కట్టి జీతాలిచ్చే వ్యాపారం ఎంత బాగా నడుస్తున్నా నిలబడదు. మీరు యాప్‌కు ఏడాదిలో కట్టేది 24,000. మీకు ఒక నెలలో ఆగిపోతున్న చెల్లింపులూ 40 మంది నుంచి సరిగ్గా 24,000. ఆ సొమ్ము ఒక్కసారి మీ చేతిలో నిలవ ఉండి ఉంటే ఈ అప్పు పుట్టేదే కాదు.

ఈ ఉత్తరాన్ని ఎంచుకున్నది కూడా అందుకే. నెలవారీ చందా మీద నడిచే చిన్న సేవల్లో ఈ పొరపాటు పదే పదే కనిపిస్తుంది. 250 మందికి బిల్లు వేశాం కాబట్టి 1,50,000 వచ్చినట్టే అనుకొని ఖర్చులు రాసుకుంటారు. మీ కాగితం మీద లక్ష ఖర్చు, 45,000 ఇంటికి పోగా 5,000 మిగులు కనిపిస్తోంది. జాబితా ప్రకారం చూస్తే మొదటి వారంలో వచ్చింది 210 మంది నుంచి 1,26,000. మిగిలిన 40 మందిలో 26 మంది 15వ తేదీలోపు ఇచ్చారు. 14 మంది ఇవ్వనే లేదు. మొత్తం చేతికందింది 1,41,600. లక్ష, 45,000 తీసేస్తే 3,400 లోటు. యాప్‌కు కట్టే 2,000 కలిపితే 5,400. అంటే నెలనెలా మీరు వెనక్కి వెళుతున్నారు. మీకు అది కనబడకుండా అప్పు కప్పిపెడుతోంది.

ఆ 40 మందినీ ఒకే గాటన కట్టకండి. జాబితాలో పేరు పక్కన విఫలమైన కారణం ఉంటుంది, అసలు విషయమంతా ఆ వరుసలోనే ఉంది. 22 మందికి ఖాతాలో డబ్బు చాలలేదు. నలుగురికి బ్యాంకు వైపు సాంకేతిక ఇబ్బంది. 14 మందికి మాండేట్, అంటే ఖాతా నుంచి నెలనెలా డబ్బు తీసుకోవడానికి ఇచ్చిన అనుమతి, రద్దయింది, లేదా వాళ్లే ఆపేశారు. ఈ 14 మందిలో తొమ్మిది పేర్లు మూడు నెలలుగా అదే కారణంతో ఉన్నాయి. మాండేటే లేని ఖాతా నుంచి ఎన్నిసార్లు అడిగినా రూపాయి రాదు. అయినా ఆ తొమ్మిది కార్లూ మూడు నెలలు కడిగారు. 16,200 రూపాయల సేవ ఉచితంగా ఇచ్చారన్నమాట, బహుశా మీకు తెలియకుండానే.

డబ్బు చాలని 22 మంది సంగతి వేరు. వారిలో 17 మంది 6వ తేదీ తర్వాత తామే కట్టారు. ఎగవేసే ఉద్దేశం లేదు, మీరు అడిగేనాటికి జీతం పడలేదంతే. మీ తరఫున ఆటోపే వసూలు చేసే పేమెంట్ గేట్‌వే సంస్థ ఒకటో తేదీన అడిగింది, రాకపోతే 2, 3, 4 తేదీల్లో మళ్లీ అడిగింది, అక్కడితో ఆగింది. యూపీఐ ఆటోపేలో ఒక చెల్లింపుకు మొదటి ప్రయత్నం కాక మూడుసార్లే మళ్లీ ప్రయత్నించవచ్చని 2025 ఆగస్టు నుంచి యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ పరిమితి పెట్టింది. ఉన్న నాలుగు అవకాశాలూ జీతం పడకముందే ఖర్చు చేసేస్తే ఎలా? మళ్లీ ప్రయత్నించే తేదీలు మార్చుకునే వీలుందేమో గేట్‌వే వాళ్లను అడగండి. ఉంటే 2న మొదటి ప్రయత్నం, తర్వాత 4, 7, 10 తేదీలు పెట్టండి. లేదంటే ఆ 22 మందికి మాత్రమే బిల్లు తేదీని 7కు మార్చండి. తేదీ మాండేట్‌లోనే రాసి ఉంటే వారి నుంచి కొత్త అనుమతి తీసుకోవాల్సి ఉంటుంది. మిగతా 228 మంది జోలికి పోవద్దు. సవ్యంగా వస్తున్న చెల్లింపును కదిపితే దాన్నీ పోగొట్టుకుంటారు.

యూపీఐ ద్వారా కాక, నేరుగా బ్యాంకు ఖాతా నుంచి డబ్బు తీసుకునే నాచ్ పద్ధతిలో మాండేట్ ఇచ్చినవారు ఉంటే ఇంకొంచెం జాగ్రత్త. అక్కడ ప్రతి వైఫల్యానికీ ఖాతాదారు బ్యాంకు అతని నుంచి వందల్లో రుసుము వసూలు చేయవచ్చు. 600 బిల్లు కోసం రెండుసార్లు ఆ దెబ్బ తగిలితే మూడోసారి అతను కారు మీ చేత కడిగించుకోడు. అలాంటివారికి ఒక్కసారి విఫలమైతే మళ్లీ అడగకుండా చెల్లింపు లింకు పంపండి.

ఇక గడువు. డబ్బు చాలని వారికి ఏడు రోజులు చాలు. ఆ ఏడు రోజులూ కారు కడగండి, ఎనిమిదో రోజు ఆపండి, పదిహేనో రోజు దాకా వారి స్థానం ఖాళీగా ఉంచండి, ఆ తర్వాత చందా రద్దు చేసి ఆ స్థానం ఎదురుచూస్తున్నవారికి ఇవ్వండి. ఒక కారు తగ్గినంత మాత్రాన కుర్రాడి జీతం తగ్గదు కాబట్టి వారం గడువు వల్ల మీకు పెద్ద నష్టం లేదు. నెల గడువు వల్ల ఉంది. ఒక్కో కుర్రాడు పొద్దున ముప్ఫై కార్లు కడుగుతున్నాడు, డబ్బు రాని కారు డబ్బిచ్చే కారు చోటును ఆక్రమిస్తోంది. ఆపిన రోజులకు, తర్వాత చెల్లించినవారికి, రోజుకు 20 చొప్పున తగ్గించండి. మాట రాకుండా ఉంటుంది.

మాండేట్ రద్దయినవారికి ఈ వారం గడువు అక్కర్లేదు. మొదటి రోజే మీరే ఫోన్ చేసి కొనసాగిస్తారా అని అడగండి. ఫోన్ మార్చినవారు, బ్యాంకు మార్చినవారు, అసలు గమనించనివారు అందులో ఉంటారు. మూడు రోజుల్లో కొత్త మాండేట్ ఇవ్వకపోతే ఆపేయండి. కారు కడిగే కుర్రాడి చేత మాత్రం డబ్బు అడిగించకండి.

విఫలమైన రోజే వెళ్లాల్సిన సందేశం చిన్నదిగా ఉండాలి: ‘మీ ఈ నెల చందా 600 రూపాయలు బ్యాంకు నుంచి అందలేదు. 8వ తేదీలోపు ఈ లింకులో చెల్లిస్తే సేవ ఆగదు. ఆ తర్వాత 15 వరకు మీ స్థానం ఉంచుతాము.’ ఇంతే. ఎవరైనా లింకులో కట్టగానే గేట్‌వేలో వారి మిగిలిన ప్రయత్నాలు ఆపించండి. మరిచిపోతే రెండు రోజుల తర్వాత ఆటోపే మళ్లీ 600 లాగుతుంది. రెండుసార్లు డబ్బు పోయిన ఖాతాదారు ముందు మాండేట్ రద్దు చేసి, తర్వాత మీకు ఫోన్ చేస్తాడు.

ఇదంతా చేసినా ఏడో తేదీకి కొందరి డబ్బు రాదు. దానికి మందు అత్యవసర నిధి ఒక్కటే. ఆ ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను ఈ వారమే రద్దు చేయండి. నెలకు పది శాతం కడుతూ ఏడాదికి ఆరేడు శాతం తెచ్చే డిపాజిట్‌ను కాపాడుకోవడంలో అర్థం లేదు. యాప్‌కు 21,000 కట్టేసి, ఆ యాప్‌ను ఫోన్ నుంచి తీసేయండి. మిగిలిన 29,000ను వేరే బ్యాంకులో, యూపీఐకి జత చేయని పొదుపు ఖాతాలో వేయండి. ఆగిపోతున్న 24,000ను అది ఒక నెల మోయగలదు. 7 తర్వాత ఖాతాదారులు కట్టినది ముందు ఆ ఖాతాకే వెళ్లాలి.

రెండోది, మీరు ఇంటికి తీసుకునే డబ్బు. జీతాలివ్వకముందే మూడో తేదీన 45,000 తీసేయడమే ఆ 19,000 లోటు పుట్టించింది. మొదటి వారంలో వచ్చే 1,26,000లో లక్ష పక్కన పెడితే 26,000 మిగులుతుంది. అందుకే జీతాలిచ్చాక ఎనిమిదో తేదీన 25,000, పదహారున 13,000 తీసుకోండి. నెలకు 38,000. ఇంట్లో కష్టమేనని తెలుసు. కానీ నిధికి కొంత పక్కన పెడితే ప్రస్తుతం మీ వ్యాపారం ఇవ్వగలిగేది అంతే, పైన తీసుకుంటున్న 7,000లో 3,400 అప్పు నుంచే వస్తోంది. ఇలా చేస్తే నెలకు 3,600 నిధికి చేరుతుంది. ఆ 14 మందిలో సగం మంది కొత్త మాండేట్ ఇచ్చినా, లేదా ఖాళీ అయిన చోట్లలో ఏడుగురు కొత్తవారు చేరినా, మరో 4,200 కలిసి 7,800 అవుతుంది. తొమ్మిది పది నెలల్లో నిధి లక్షకు చేరుతుంది. మీకు కావలసింది ఆ లక్షే, ఒక నెల జీతాలు, సామగ్రి. అది నిండాక మళ్లీ 45,000 తీసుకోవచ్చు.

ఆరు నెలల చందా ముందే కట్టినవారికి కొంత తగ్గించి ఇస్తే వైఫల్యాలు తగ్గుతాయి. కానీ ఆ సొమ్ము నెలకో ఆరోవంతు చొప్పునే మీది, ఒకేసారి వాడుకోకండి. కుర్రాళ్లు తెల్లవారుజామున రోడ్ల మీద తిరుగుతారు కాబట్టి ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా వారి చేత కట్టించండి, లేదా మీరే కట్టండి.

రెండో ప్రాంతం గురించి మాట్లాడేముందు నిధి నిండనివ్వండి. ఇప్పుడు మీ బిల్లులు ఏడాదికి 18 లక్షలు. సేవలకు 20 లక్షలు దాటితే జీఎస్‌టీ నమోదు తప్పదు. ఇంకో 30 మంది ఖాతాదారులు చేరితే మీరు ఆ గీత దాటినట్టే. అప్పటి నుంచి బిల్లు జారీ చేసిన నెలలోనే పన్ను బాధ్యత పడుతుంది, ఆటోపే విఫలమైన బిల్లులకు కూడా. 600లో పన్ను కలిపి ఉందా, విడిగా వసూలు చేయాలా అన్నది అకౌంటెంట్‌తో ముందే తేల్చుకొని, కొత్త ఖాతాదారుల మాండేట్లను ఆ మొత్తానికే తీసుకోండి.