లెక్కల్లో 41, తెలుగులో 93: ఇంటర్‌లో ఏ గ్రూపు?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి పాసైంది. తెలుగులో 93, ఇంగ్లీషులో 86, సోషల్‌లో 90 వచ్చాయి. లెక్కల్లో మాత్రం 41. ఎవరితోనైనా ఇట్టే కలిసిపోతుంది, బాగా మాట్లాడుతుంది. వాళ్ల నాన్న ఎంపీసీ అంటున్నారు, తనేమో లాయర్ అవుతానంటోంది. ఏం చేయమంటారు? - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఎంపీసీ వద్దు. ఆ గ్రూపులో రెండేళ్లకు కలిపి వెయ్యి మార్కులుంటే అందులో 300 లెక్కలవే. ఫిజిక్సులో సగం సమస్యలు కూడా ఆ లెక్కల మీదే నడుస్తాయి. పదిలో 41 వచ్చిన పిల్ల రోజులో ఎక్కువ గంటలు తనకు కొరుకుడు పడని సబ్జెక్టుతోనే గడపాల్సి వస్తుంది. అలా గడిపితే ఇప్పుడు బాగున్న భాషలు కూడా వెనకబడతాయి. హెచ్ఈసీ గానీ సీఈసీ గానీ తీసుకోండి. లా చదవడానికి ఫలానా గ్రూపే ఉండాలన్న నిబంధన లేదు. సివిక్స్ రెండింట్లోనూ ఉంది. ఖాతాల లెక్కలు కూడా వద్దనుకుంటే హెచ్ఈసీ నయం. అయితే సీఈసీలో చేర్పించి, తర్వాత ఎవరో చెప్పారని సీఏ వైపు తిప్పకండి. సీఏ ఫౌండేషన్‌లో లెక్కలు, స్టాటిస్టిక్స్, రీజనింగ్ కలిపి వంద మార్కుల పేపరు విడిగా ఉంది, అందులో 40 రావాల్సిందే.

ఇక లా సంగతి. అందులో లెక్కలు అసలే ఉండవనుకోకండి. ఇంటర్ తర్వాత అయిదేళ్ల కోర్సుకు రెండు దారులున్నాయి. హైదరాబాద్‌లోని నల్సార్, విశాఖలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం లాంటి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు క్లాట్ రాయాలి. రాష్ట్రంలోని మిగతా లా కాలేజీలకు లాసెట్ రాయాలి.

క్లాట్‌లో 120 ప్రశ్నలకు రెండు గంటలు. పేపరంతా ఇంగ్లీషులోనే ఉంటుంది. అందులో లెక్కల వాటా పదో వంతు, అంటే ఇంచుమించు 12 ప్రశ్నలు. అవీ పదో తరగతి స్థాయి దాటవు. చిన్న పేరా ఇచ్చి, అందులోని అంకెలతో ప్రశ్నలు అడుగుతారు. ఉదాహరణకు ఒక ఊళ్లో 2,400 మంది ఓటర్లున్నారు, 75 శాతం పోలింగ్ జరిగింది, ఓటేసిన వాళ్లలో 52 శాతం మంది మహిళలు. ఓటేసిన మహిళలు ఎంతమంది? 2,400లో 75 శాతం 1,800, అందులో 52 శాతం 936. త్రికోణమితి రాకపోయినా ఇది చేయొచ్చు. శాతాలు, నిష్పత్తులు, సగటు రాకపోతే మాత్రం చేయలేరు.

అందుకే 41 అన్న అంకె కన్నా ఆ 59 మార్కులు ఎక్కడ పోయాయో ముఖ్యం. బడిలో రాసిన ప్రీఫైనల్ జవాబు పత్రాలు ఉంటే తీసి, తప్పులను మూడు రకాలుగా విడదీయండి: ప్రశ్న సరిగా చదవనివి, పద్ధతి తెలిసి కూడికల్లో తీసివేతల్లో జారినవి, పద్ధతే తెలియనివి. మూడో రకం తప్పులు బీజగణితంలోనో త్రికోణమితిలోనో ఉంటే లాకు అడ్డు కాదు, వదిలేయండి. శాతాల్లో ఉంటే ఏడు, ఎనిమిది తరగతుల పుస్తకాల్లో ఆ పాఠాలు తీసి, రోజుకు 20 నిమిషాల చొప్పున ఆరు నెలలు చేయించండి. క్లాట్‌లో తప్పు జవాబుకు పావు మార్కు కోస్తారు. ఆ 12 ప్రశ్నలూ గుడ్డిగా పెడితే నాలుగింట ఒకటి లెక్కన మూడు కుదిరి, తొమ్మిది తప్పయి, చివరికి ముక్కాలు మార్కు మిగులుతుంది. ఆరింటిని నిదానంగా చేసి మిగతావి వదిలేస్తే ఆరు మార్కులొస్తాయి. అలాంటి పిల్లకు ఇదే సరైన లక్ష్యం.

క్లాట్‌లో అసలు పరీక్ష చదివే వేగానిది. ఇంచుమించు 450 పదాల పేరా ఒకటి చదివి, దాని కింది ప్రశ్నలకు జవాబులు పెట్టాలి. చదివే సమయంతో కలిపి ప్రశ్నకు ఒక నిమిషమే దక్కుతుంది. ఇంగ్లీషు పేపర్లో ఒక సంపాదకీయం ఇచ్చి మూడు నిమిషాల్లో చదివించండి. తర్వాత పేపరు మూసేసి, రాసినాయన ఏమంటున్నాడో, దానికి ఏం కారణాలు చూపాడో అడగండి. ఒక్కరోజుతో తేల్చకండి, రెండు వారాలు చేయించండి. ఇంగ్లీషులో 86 వచ్చినా, పాఠాలు బట్టీపట్టి తెచ్చుకున్న 86 అయితే ఇక్కడ బయటపడుతుంది. అలాగైతే మొదటి గురి లాసెట్ మీద పెట్టుకోండి. అది తెలుగులోనూ రాయొచ్చు. 120 ప్రశ్నలకు 90 నిమిషాలు, తప్పులకు కోత లేదు. అందులో సగం, అంటే 60 ప్రశ్నలు, న్యాయశాస్త్ర అభిరుచి మీదే వస్తాయి.

న్యాయానికి సంబంధించిన ప్రశ్నల్లో బాగా మాట్లాడే పిల్లలు తరచూ ఒక చోట తప్పు చేస్తారు. ఒక సూత్రం ఇస్తారు: దుకాణంలో వస్తువు మీద ధర రాసి పెట్టడం అమ్ముతానన్న ప్రతిపాదన కాదు, కొనేవాళ్లను రమ్మని పిలవడం మాత్రమే. కొంటానన్న ప్రతిపాదన గిరాకీ చేస్తాడు, దుకాణదారు దాన్ని ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు. తర్వాత సంగతి చెబుతారు: రూ. 50,000 ఫోను మీద పొరపాటున రూ. 5,000 అని చీటీ అంటించారు, ఒకాయన 5,000 తీసి కౌంటర్ మీద పెట్టాడు. దుకాణదారు ఇవ్వనంటే కుదురుతుందా? మనసు "రాసిన ధరకు ఇచ్చి తీరాలి" అంటుంది. సూత్రం ప్రకారమైతే ఇవ్వనక్కర్లేదు. ఇచ్చిన సూత్రాన్ని పక్కనపెట్టి తన అభిప్రాయం మీద వాదించే అలవాటుంటే మార్కులు పోతాయి. ఇలాంటివి రోజుకు పది చేయిస్తే ఆ అలవాటు సర్దుకుంటుంది.

మనుషులతో కలుపుగోలుతనం గురించి రాశారు. లాయరుకు మాట్లాడటం కన్నా వినడం ఎక్కువ పని. ఇలా చూడండి. ఇల్లు ఖాళీ చేసినా అడ్వాన్సు తిరిగి రాని బంధువో పొరుగువాళ్లో ఉంటే, వాళ్లతో ఓ అరగంట మాట్లాడి, జరిగింది ఒక పేజీలో రాయమనండి. అద్దె ఒప్పందం కాగితం మీద ఉందా, అడ్వాన్సు నగదుగా ఇచ్చారా ఫోన్లో పంపారా, ఏ తేదీన ఖాళీ చేశారు, తాళాలు ఎవరి చేతికిచ్చారు, ఇంటాయన ఏ కారణం చెబుతున్నాడు - ఇవన్నీ అడిగి తేదీల వరుసలో పెట్టిందంటే ఆ పనికి తగిన పిల్లే. "ఇంటాయన మోసగాడు" అని మూడు వాక్యాలు రాసి తెస్తే ఇంకా నేర్చుకోవాలి. ఇంటర్ రెండేళ్లూ నెలకొకటి ఇలా రాయించండి.

వాళ్ల నాన్నగారికి డబ్బు విషయం ముందే చెప్పాలి. జాతీయ విశ్వవిద్యాలయాల్లో ఖర్చు ఏడాదికి రెండు లక్షలు దాటుతుంది. అయిదేళ్ల చదువు తర్వాత బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుని, అఖిల భారత బార్ పరీక్ష పాసవ్వాలి. సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరితే మొదటి రెండు మూడేళ్లు వచ్చేది చాలామందికి దారి ఖర్చులకే సరిపోతుంది. జడ్జి కావాలన్నా, సుప్రీంకోర్టు 2025 మే తీర్పు ప్రకారం ముందు మూడేళ్లు ప్రాక్టీసు చేసి ఉండాలి. అంటే ఇప్పటి నుంచి పదేళ్ల లెక్క ఇది. ఆ మూడేళ్లు ఇల్లు భరించగలదా లేదా అని ఇద్దరూ కూర్చుని ఇప్పుడే మాట్లాడుకోండి. భరించలేమనుకుంటే, లా డిగ్రీతోనే జీతం వచ్చే కంపెనీల, బ్యాంకుల లీగల్ విభాగాలను మొదటి నుంచీ దృష్టిలో పెట్టుకోవాలి. అప్పుడు ఒప్పందాలు ఇంగ్లీషులో రాయడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సి వస్తుంది.

క్లాట్ ఈమధ్య డిసెంబరులోనే జరుగుతోంది, అంటే ఇంటర్ రెండో ఏడాది మధ్యలో. అందుకని మొదటి ఏడాది పరీక్షలయ్యేలోపే క్లాట్‌ రాయించాలా, లాసెట్ చాలా అన్నది తేల్చుకోండి.