ప్రెగ్నెన్సీలో మొలలు: అమెరికా ఫార్మసీలో ఏ ట్యూబ్ కొనాలి?

"అక్కా, నాకు ఏడో నెల. బాత్రూంకి వెళ్ళాలంటేనే భయమేస్తోంది, టిష్యూ మీద ఎర్రగా రక్తం కనిపిస్తోంది. కాళ్ళ మీద నరాలు కూడా ఉబ్బాయి. అమ్మ వచ్చే నెల హైదరాబాద్ నుంచి వస్తోంది, అక్కడి పైల్స్ క్రీమ్ తెప్పించుకోనా?" డాలస్‌కి కొత్తగా వచ్చిన ఒక చెల్లి అడిగింది.

అమ్మ వచ్చేదాకా ఆగక్కర్లేదమ్మా, ఆ క్రీమూ వద్దు. మన దగ్గర దొరికే పైల్స్ ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్, రక్తనాళాలను కుంచించే మందు, మొద్దుబార్చే మందు కలిపే ఉంటాయి. మీ డాక్టర్ చూడకుండా అవి వాడటం మంచిది కాదు.

మీ రెండు బాధలకూ మూలం దాదాపు ఒకటే. గర్భంలో ఒంట్లో రక్తం సుమారు సగం దాకా పెరుగుతుంది. ప్రొజెస్టిరాన్ హార్మోన్ సిరల గోడలను వదులు చేస్తుంది. పెరిగిన గర్భసంచి కటిలోని పెద్ద సిరల మీద బరువు మోపితే, కింది నుంచి పైకి వెళ్ళాల్సిన రక్తం అక్కడే నిలుస్తుంది. కాళ్ళలో నిలిస్తే వెరికోస్ వెయిన్స్, మలద్వారం దగ్గర నిలిస్తే మొలలు. అదే హార్మోన్ పేగులనూ నెమ్మది చేస్తుంది, దానికి ఐరన్ మాత్ర తోడవుతుంది. గట్టిపడ్డ మలం కోసం ముక్కినకొద్దీ మొలలు బయటికి వస్తాయి.

కాబట్టి ట్యూబ్ కంటే ముందు మలబద్ధకం సంగతి చూడాలి. ఇక్కడ మెటామ్యుసిల్ పేరుతో అమ్మేది మన ఇసబ్గోల్ పొట్టే. పెద్ద గ్లాసు నీళ్ళలో కలిపి వెంటనే తాగేయండి. నీళ్ళు తక్కువైతే అది లోపలే బిగుసుకుని ఇంకా ఇబ్బంది పెడుతుంది. ఐరన్ మాత్రకీ దీనికీ రెండు గంటలు ఎడం ఉంచండి. దీంతో సరిపోకపోతే డాక్యుసేట్ గానీ మిరాలాక్స్ గానీ వాడొచ్చా అని మీ ఓబీని, అంటే కాన్పు డాక్టర్‌ని అడగండి, వాళ్ళు మామూలుగా రాసేవే ఇవి. పెద్దవాళ్ళు ఆముదం తాగమంటారు, అది మాత్రం వద్దు. గర్భసంచిలో నొప్పులు రేపగలదు. కమోడ్ మీద కూర్చున్నప్పుడు పాదాల కింద చిన్న పీట వేసుకుంటే మోకాళ్ళు పైకి లేచి, మన ఊరి పద్ధతికి దగ్గరగా ఉంటుంది, ముక్కే పని తగ్గుతుంది. ఫోన్ మాత్రం బయట పెట్టి వెళ్ళండి. ఎక్కువసేపు కూర్చోవడమూ మొలలకు చెరుపే.

ఇక ఫార్మసీకి వెళ్తే బ్రాండ్ పేరు చూసి కొనకండి, డబ్బా వెనక "యాక్టివ్ ఇంగ్రీడియెంట్స్" చదవండి. ప్రిపరేషన్ హెచ్ అనే ఒక్క పేరుతోనే వేరువేరు మందులున్నాయి. ఆయింట్‌మెంట్‌లో ఫినైలెఫ్రిన్ ఉంటుంది. అది రక్తనాళాలను కుంచిస్తుంది కాబట్టి, ముఖ్యంగా బీపీ ఉన్నవాళ్ళు అడగకుండా వాడకూడదు. హైడ్రోకార్టిసోన్ ఉన్నది స్టెరాయిడ్. డాక్టర్ సరేనంటే కొద్ది రోజులు పల్చగా రాసుకోవచ్చు, ఏడు రోజులు దాటకూడదు. విచ్ హేజెల్ ప్యాడ్లు, ఉత్త పెట్రోలియం జెల్లీ, జింక్ ఆక్సైడ్ క్రీమ్‌లతో సాధారణంగా భయం లేదు. నేనైతే మొదట ప్యాడ్లే తీసుకోమంటాను. ఫ్రిజ్‌లో పెట్టి వాడితే చల్లదనానికి దురద, మంట తగ్గుతాయి.

అదే షాపులో కమోడ్ మీద అమరే సిట్జ్ బాత్ బేసిన్ కూడా అడగండి. గోరువెచ్చని నీళ్ళు పోసి, రోజుకు రెండు మూడు సార్లు పది పదిహేను నిమిషాలు కూర్చుని, మెత్తగా అద్దుకోండి. పొడి పేపర్‌తో రుద్దితే పుండు పడుతుంది, మగ్గు పెట్టుకోవడానికి మొహమాటపడకండి.

కాళ్ళ నరాలకు రాసే మందు లేదు. నొప్పి లాగేస్తుంటే కంప్రెషన్ స్టాకింగ్స్ అడగండి. పొద్దున మంచం దిగకముందే వేసుకోవాలి. నిలబడి తిరిగాక వేసుకుంటే రక్తం అప్పటికే కిందికి చేరి ఉంటుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకోండి, కూర్చున్నప్పుడు కాళ్ళు ఎత్తి పెట్టుకోండి. ఎక్కువమందికి కాన్పయ్యాక మూడు నాలుగు నెలల్లో బాగా తగ్గుతాయి.

టిష్యూ మీద ఎర్రటి రక్తం ఎక్కువసార్లు మొలలదే అయినా, ఓబీకి ఒకసారి చెప్పి తీరాలి. యోని నుంచి వస్తోందేమో అన్న అనుమానం ఉంటే వెంటనే చెప్పాలి. మలద్వారం దగ్గర నీలంగా, గట్టిగా గడ్డ కట్టి భరించలేని నొప్పి వస్తే అందులో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. మొదటి మూడు రోజుల్లో వెళ్తే చిన్న కోతతో తీసేసే అవకాశం ఉంటుంది. ఒక్క కాలే వాచి, వేడిగా, పిక్కలో నొప్పిగా ఉంటే అది వెరికోస్ వెయిన్స్ అనుకుని ఊరుకోవద్దు. లోపలి సిరలో గడ్డ అయ్యుండొచ్చు, అదే రోజు చూపించుకోవాలి. ఆయాసం, ఛాతీ నొప్పి తోడైతే 911. మగ డాక్టర్‌తో చెప్పడానికి సిగ్గనిపిస్తే నర్స్ లైన్‌కి చేసి "హెమరాయిడ్స్" అనండి, వాళ్ళు రోజూ వినే మాటే.