జిరాక్స్ ఆన్ చేస్తే జనరేటర్ ఊగుతోందా? వోల్టులు కాదు, ముందు హెర్ట్జ్ చూడండి

సందేహం: అంబాజీపేటలో చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నాను. 5 కేవీఏ సింగిల్ ఫేజ్ డీజిల్ జనరేటర్ ఉంది. లైట్లు, ఫ్యాన్ల వరకూ బాగానే నడుస్తుంది. జిరాక్స్ మెషిన్ ఆన్ చేయగానే ఇంజిన్ ఒకసారి గుయ్‌మంటుంది, ఒకసారి డల్ అయిపోతుంది, ఇక ఆగకుండా అలాగే ఊగుతుంది. ఇన్వర్టర్ కూడా టక్‌టక్‌మని మారిపోతోంది. మెకానిక్ వోల్టేజీని నిలకడగా ఉంచే ఏవీఆర్ బోర్డు మార్చాడు, తగ్గలేదు. ఇప్పుడు ఆల్టర్నేటర్ రీవైండింగ్ చేయించాలంటున్నాడు. చేయించాలా? సాకెట్‌లో మీటరు పెట్టి తీసిన వీడియో పంపుతున్నాను.

సమాధానం: రీవైండింగ్ వద్దు. వైండింగ్ పాడైతే వోల్టేజీ పడిపోయి అలాగే ఉండిపోతుంది, ఆల్టర్నేటర్ బాడీ వేడెక్కుతుంది, వార్నిష్ కాలిన వాసన వస్తుంది. రెండు సెకన్లకోసారి లయ తప్పకుండా పెరుగుతూ తగ్గుతూ ఉండటం దాని లక్షణం కాదు. మీ పాత ఏవీఆర్ కూడా పారేయకండి, అది మంచిదే అయి ఉండొచ్చు.

మీ మీటరు వోల్టులతో పాటు హెర్ట్జ్ కూడా చూపించేది కావడం మంచిదయింది. వీడియోను స్లో చేసి చూశాను. లైట్లు మాత్రమే ఉన్నప్పుడు 230 వోల్టులు, 50.1 హెర్ట్జ్. జిరాక్స్ పెట్టగానే హెర్ట్జ్ 46.8కి దిగింది, వోల్టేజీ 198కి పడింది. వెంటనే ఇంజిన్ రేసై 52.4 హెర్ట్జ్, 236 వోల్టులు. మళ్లీ 47.5. ప్రతిసారీ ముందు కదులుతున్నది హెర్ట్జ్, దాని వెనకే వోల్టులు. హెర్ట్జ్ అంటే ఇంజిన్ స్పీడే. నాలుగు పోళ్ల ఆల్టర్నేటర్ 1500 ఆర్‌పీఎం తిరిగితే 50 హెర్ట్జ్ వస్తుంది. ఒక్కో హెర్ట్జ్‌కి 30 ఆర్‌పీఎం. అంటే మీ ఇంజిన్ 1400కి, 1570కి మధ్య ఊగుతోంది. హెర్ట్జ్ 50 దగ్గర నిలకడగా ఉండి వోల్టులు మాత్రమే ఊగితే అప్పుడు ఏవీఆర్‌ని అనుమానించాలి. మీ విషయంలో అలా లేదు.

స్పీడు తగ్గితే వోల్టేజీ అంతలా ఎందుకు పడుతోందన్న అనుమానం రావచ్చు. అది ఏవీఆర్ కావాలని చేసే పని. చాలా ఏవీఆర్‌లలో అండర్ ఫ్రీక్వెన్సీ రక్షణ ఉంటుంది. సాధారణంగా 47-48 హెర్ట్జ్ కంటే స్పీడు దిగితే అది వోల్టేజీని తనంతట తనే తగ్గించి ఇంజిన్ మీద భారం దించుతుంది. భారం దిగగానే ఇంజిన్ ఒక్కసారిగా లేస్తుంది, వోల్టేజీ తిరిగి వస్తుంది, లోడు మళ్లీ మీద పడుతుంది, ఇంజిన్ మళ్లీ కూర్చుంటుంది. మీరు చూస్తున్న ఊగిసలాటలో సగం ఇదే. ఈ లెక్కన కొత్త ఏవీఆర్ వేసినా తేడా ఉండదు, పాపం అది తన పని తను చేస్తోంది.

ఇక అసలు తప్పు వీడియో మొదట్లోనే కనిపిస్తోంది: దాదాపు ఖాళీగా తిరుగుతున్నప్పుడే 50.1 హెర్ట్జ్. ఇంజిన్ స్పీడుని అదుపు చేసేది గవర్నర్. స్ప్రింగు, బరువులతో పనిచేసే గవర్నర్‌కి లోడు పెరిగేకొద్దీ స్పీడు కొంచెం తగ్గడం సహజం. అందుకే ఖాళీగా ఉన్నప్పుడు 52 హెర్ట్జ్ దగ్గర పెడతారు, పూర్తి లోడు మీద అది 50కి వచ్చి ఆగుతుంది. చాలామంది మెకానిక్‌లు ఖాళీ ఇంజిన్ మీదే మీటరు పెట్టి సరిగ్గా 50కి తిప్పి వెళ్లిపోతారు. చూడటానికి బాగుంటుంది. లోడు పడగానే నేరుగా అండర్ ఫ్రీక్వెన్సీ గీత కిందికి జారుతుంది.

అయితే స్పీడు పెంచే స్క్రూ మీద చెయ్యి వేసే ముందు చూడాల్సినవి రెండున్నాయి. లోడు పడితే ఏ ఇంజిన్ అయినా ఒకసారి కుంగి, రెండు మూడు సెకన్లలో సర్దుకోవాలి. మీది సర్దుకోవడం లేదు. కాబట్టి గవర్నర్ లింకు ఎక్కడో పట్టేస్తోంది, లేదా డీజిల్ సరిగా అందడం లేదు.

డీజిల్ సంగతి ముందు చూడండి, ఖర్చు లేని పని. ట్యాంకు కింది డ్రెయిన్ నుంచి కొంచెం డీజిల్ గాజు సీసాలోకి పట్టి కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున నీళ్లు వేరుగా తేరుకుంటే కారణం దొరికినట్టే. మన కోనసీమ తేమకి సగం ఖాళీగా ఉండే ట్యాంకులో నీరు చేరడం మామూలే. నెలకోసారి కూడా నడపని జనరేటర్లలో మరీనూ. నీళ్లు లేకపోతే ఫిల్టర్ ఎప్పుడు మార్చారో గుర్తు తెచ్చుకోండి. ఆ తర్వాత లైనులో ఎయిర్ తీయించండి: ఫిల్టర్ పైనున్న స్క్రూ కాస్త వదులు చేసి, బుడగలు పోయి డీజిల్ ఒక్క ధారగా వచ్చేదాకా ఉంచి బిగించాలి. పైపు చివర వాషరు అరిగి గాలి పీలుస్తుంటే ఒకసారి తీసినా రెండు రోజుల్లో మళ్లీ వస్తుంది, ఆ వాషర్లు కూడా మార్చమనండి.

తర్వాత గవర్నర్. ఇంజిన్ ఆపి, చల్లారాక, గవర్నర్ నుంచి డీజిల్ పంపుకి వెళ్లే లింకు బయటికి కనిపించే మోడల్ అయితే దాన్ని వేలితో కదిపి చూడండి. ఈ కొస నుంచి ఆ కొస వరకూ ఎక్కడా పట్టేయకుండా జారాలి. రెండు పొరపాట్లు ఉండొచ్చు. ఒకటి, ఎండిపోయిన గ్రీజు, తుప్పు వల్ల లింకు బిగుసుకుపోవడం. రెండోది దానికి ఎదురు: కీలు అరిగి వదులైపోయి, లివరు కాస్త కదిలినా పంపు కదలకపోవడం. రెండింటి ఫలితం ఒకటే. గవర్నర్ చెప్పిన మాట ఆలస్యంగా చేరుతుంది, చేరేసరికి అవసరానికి మించి తిరుగుతుంది. సైకిల్ కొత్తగా నేర్చుకునేవాడు హ్యాండిల్‌ని ఆలస్యంగా, అతిగా తిప్పినట్టు. మొదటిదానికి కిరోసిన్‌తో కడిగి పలుచని ఆయిల్ వేస్తే చాలు. రెండోదానికి కీలు మార్చాల్సిందే, ఆయిల్‌తో అరుగుదల పోదు.

స్ప్రింగు కూడా చూడండి. కొన్ని ఇంజిన్లలో గవర్నర్ లివరుకి వరసగా మూడు నాలుగు రంధ్రాలు ఉంటాయి. స్ప్రింగుని లివరు తిరిగే ఇరుసు దగ్గరి రంధ్రంలోకి మారిస్తే గవర్నర్ మరీ చురుకైపోయి, లోడు మారినప్పుడల్లా ఊగడం మొదలుపెడుతుంది. ఎవరైనా మధ్యలో విప్పి బిగించి ఉంటే పాత రంధ్రం చుట్టూ అరిగిన మెరుపు కనిపిస్తుంది. అది ఉన్నచోటికే తిరిగి పెట్టించండి. ఇవన్నీ అయ్యాకే ఖాళీ స్పీడు 52 హెర్ట్జ్‌కి పెట్టమనండి. అప్పుడు వోల్టేజీ కాస్త పెరిగినట్టు కనిపిస్తే దాన్ని ఏవీఆర్ వోల్ట్ స్క్రూతో 230కి తేవాలి గానీ ఇంజిన్ స్పీడు తగ్గించి కాదు.

ఇప్పుడు పరీక్ష జిరాక్స్‌తో చేయకండి. లేజర్ జిరాక్స్‌లో కాగితం మీద టోనర్ పొడిని అతికించే ఫ్యూజర్ హీటర్ ఉంటుంది, అది తనంతట తనే వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. లోడే నిలకడగా లేనప్పుడు జనరేటర్ నిలకడ ఎలా తెలుస్తుంది? ఇంట్లో స్నానం నీళ్లకి వాడే 1500 వాట్ల రాడ్ తెచ్చి, ప్లాస్టిక్ బకెట్ నిండా నీళ్లలో పెట్టి, స్విచ్ వేయండి. ఇస్త్రీ పెట్టె పనికిరాదు, దానిలోనూ థర్మోస్టాట్ ఉంటుంది. రాడ్ దాదాపు ఆరున్నర ఆంపియర్లు నిలకడగా లాగుతుంది. స్విచ్ వేసిన క్షణంలో హెర్ట్జ్ కుంగి, రెండు మూడు సెకన్లలో 51 చుట్టుపక్కల ఆగిపోతే జనరేటర్ బాగున్నట్టే. నీళ్లలో మాత్రం వేలు పెట్టకండి.

రాడ్ మీద కూడా ఊగుతూనే ఉంటే, లింకు బయటికి ఉండే ఇంజిన్లలో మెకానిక్ చేయాల్సిన ఒక పరీక్ష ఉంది. రాడ్ నడుస్తుండగా పంపు లివరుని వేళ్లతో ఒకచోట కదలకుండా పట్టుకోవాలి. ఊగడం ఆగితే తప్పు గవర్నర్‌ది, ఆగకపోతే డీజిల్‌ది. ఆ సమయంలో ఎవరూ రాడ్ స్విచ్ ఆపకూడదు. లోడు ఒక్కసారి పోతే, పట్టుకున్న లివరు వల్ల ఇంజిన్ అదుపు తప్పి రేసైపోతుంది. ఇది మీరు ఒంటరిగా చేసే పని కాదు.

రాడ్ మీద హెర్ట్జ్ నిలబడి వోల్టులు మాత్రమే ఊగితే అప్పుడు కొత్త ఏవీఆర్ దగ్గరికి రండి. వోల్ట్ స్క్రూ పక్కనే స్టెబిలిటీ స్క్రూ ఉంటుంది, కొత్త బోర్డు బిగించాక దాన్ని సర్దేవాళ్లు తక్కువ. ఇప్పుడున్న స్థానాన్ని మార్కర్‌తో గుర్తుపెట్టి, ఇన్సులేషన్ ఉన్న స్క్రూడ్రైవర్‌తో కొంచెం కొంచెంగా తిప్పుతూ ఊగడం ఆగినచోట వదిలేయాలి. మరీ ఎక్కువ తిప్పితే ఊగదు గానీ, లోడు పడ్డప్పుడు వోల్టేజీ లేవడానికి బద్ధకిస్తుంది. మీటరు ఉన్నట్టుండి 260, 270 చూపిస్తే స్క్రూల జోలికి పోకండి, వెంటనే జనరేటర్ ఆపండి. ఏవీఆర్‌కి వోల్టేజీ కబురు మోసే సెన్సింగ్ వైరు వదులైనప్పుడు అది వోల్టేజీ పడిపోయిందనుకుని పెంచుకుంటూ పోతుంది.

కనెక్షన్లు రెండు చోట్ల కొలవాలి: ఆల్టర్నేటర్ టెర్మినల్ దగ్గర, ఛేంజ్ ఓవర్ స్విచ్ దాటాక షాపు బోర్డు దగ్గర. రెండూ లోడు ఉన్నప్పుడే. అక్కడ 228, ఇక్కడ 213 ఉందనుకోండి. 15 వోల్టులు దారిలో పోతున్నాయి, 10 ఆంపియర్ల మీద అంటే 150 వాట్లు. కేబుల్ సన్నగా, పొడవుగా లేకపోతే ఆ వేడంతా స్విచ్‌లో ఒక స్క్రూ కింద పుడుతోందన్నమాట. సముద్రపు గాలికి ఇత్తడి లగ్గుల మీద పచ్చగా పట్టేది అదే పని చేస్తుంది. జనరేటర్ ఆపి, బయటి కరెంటు మెయిన్ కూడా తీశాక, విప్పి గీకి బిగించాలి. కాంటాక్టు నల్లబడి గుంటలు పడితే ఛేంజ్ ఓవర్ స్విచ్ మార్చేయడమే మేలు.

చివరగా మీ ఇన్వర్టర్. వెనకాల యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని చిన్న స్విచ్ ఉందేమో చూడండి. యూపీఎస్ మోడ్‌లో వోల్టేజీ 180 చుట్టుపక్కలకు దిగగానే జనరేటర్‌ని కాదని బ్యాటరీ మీదికి పోతుంది. పోతూ షాపు లోడునీ, ఛార్జింగ్ లోడునీ ఒకేసారి ఇంజిన్ మీద నుంచి తీసేస్తుంది, కాసేపటికి రెండూ మళ్లీ తెచ్చి పడేస్తుంది. జనరేటర్ నడిచేటప్పుడు నార్మల్ మోడ్‌లో ఉంచండి. కంప్యూటర్లకి విడిగా యూపీఎస్ ఉంటే వాటికేం కాదు. జనరేటర్ స్టార్ట్ చేశాక జిరాక్స్ వేడెక్కనిచ్చి, ఆ తర్వాతే ఇన్వర్టర్ లైను వేయండి. పొద్దున్నుంచి కరెంటు లేక బ్యాటరీ ఖాళీ అయిన రోజున ఛార్జింగ్, ఫ్యూజర్ రెండూ ఒకేసారి మొదలైతే చిన్న సింగిల్ సిలిండర్ ఇంజిన్ బాగున్నా కుంగుతుంది.