పటమట ఫ్లాట్ అద్దెకు ఇవ్వడం: బ్రోకరా, సొంతంగానా?

ప్రశ్న: పటమటలో మాకు ఒకే ఒక్క డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఉంది, వచ్చే నెల ఖాళీ అవుతోంది. బ్రోకర్ నెల అద్దె కమీషన్ అడుగుతున్నాడు. అంత ఇవ్వాలా, మేమే ఆన్‌లైన్‌లో పెట్టుకుంటే సరిపోతుందా? ఎలా ఇస్తే మంచివాళ్లు దొరుకుతారు?

జవాబు:

మా ఫ్లాట్ కానూరులో అండి, మీకు దగ్గరే. మేముండేది మాత్రం గుంటూరులో. ఇప్పటికి రెండుసార్లు బ్రోకర్ ద్వారా ఇచ్చాను, మూడోసారి సొంతంగా ఇచ్చాను. మూడుసార్లూ ఎంత పోయిందో డైరీలో రాసి పెట్టుకున్నాను కాబట్టి చెబుతున్నాను, కమీషన్ కన్నా ఒక అద్దెదారు వల్లే నాకు ఎక్కువ పోయింది, అంతకన్నా ఎక్కువ ఫ్లాట్ ఖాళీగా ఉన్న రోజులకి పోయింది.

మొదటిసారి 2021 జూన్‌లో. అద్దె 13,000, మెయింటెనెన్స్ 1,500, అది ఖాళీగా ఉంటే మేమే కట్టుకోవాలి. బ్రోకర్ నా దగ్గర సగం నెల, దిగేవాళ్ల దగ్గర సగం నెల తీసుకున్నాడు. మీ దగ్గర నెల మొత్తం అడుగుతున్నాడంటే బేరమాడండి, వాళ్లవైపు నుంచి కూడా తీసుకుంటున్నాడేమో ముందే అడిగేయండి. పని మాత్రం తొమ్మిది రోజుల్లో అయిపోయింది, నేను గుంటూరు నుంచి ఒక్కసారి వెళ్లి సంతకం పెట్టి వచ్చాను. కమీషన్ 6,500, ఖాళీ రోజులకి ఇంకో నాలుగు వేల చిల్లర, మొత్తం పదకొండు వేల లోపు. దిగినవాళ్లు కూడా మంచివాళ్లే, ఐదో తేదీ దాటకుండా అద్దె వేసేవాళ్లు. కానీ పదకొండు నెలలు అయ్యీ కాకముందే ఖాళీ చేస్తామన్నారు. ఇల్లు నచ్చలేదామ్మా అని ఆవిడని అడిగితే, "ఇల్లు బాగానే ఉందండీ, పిల్లల స్కూలుకి దగ్గర్లో ఇంకోటి ఉందని ఆ బ్రోకర్ గారే ఫోన్ చేశారు" అంది. అప్పుడు అర్థమైంది నాకు. అతనికి డబ్బులొచ్చేది మనుషులు ఇల్లు మారినప్పుడు, మనకి మిగిలేది మారకుండా ఉన్నప్పుడు. అందరూ ఇలా చేస్తారని అనను, కానీ అగ్రిమెంటు ముగిసే సమయానికి మీ అద్దెవాళ్లకి వేరే ఫ్లాట్లు చూపించకూడదని ముందే మాట తీసుకోండి.

అయినా నేను మళ్లీ అతనికే ఇచ్చాను, తిరిగే ఓపిక లేక. 2022 జూన్‌లో రెండు వారాలకి ఒక కుటుంబాన్ని తెచ్చాడు. ఆయన వచ్చి హాల్లో నిలబడే "అడ్వాన్స్ ఇప్పుడే క్యాష్ ఇచ్చేస్తాను, ఎల్లుండి దిగుతాం" అన్నాడు. వంటగదిలోకి కూడా వెళ్లి చూడలేదు. నేను సంతోషపడ్డాను, ఆలోచించాల్సింది అక్కడే. ఐదు నెలలు బాగానే ఇచ్చారు, తర్వాత అద్దె పదో తేదీ, ఇరవయ్యో తేదీ అయింది, చివరికి మూడు నెలలు ఇవ్వనే లేదు. మా దగ్గర రెండు నెలల అడ్వాన్స్, అంటే 26,000 ఉంది, 13,000 మునిగింది. దాని మీద కరెంటు బిల్లు 4,300. సర్వీసు మన పేరు మీద ఉంటుంది కాబట్టి వాళ్లు కట్టకపోతే ఫ్యూజు పీకేది మన ఫ్లాట్‌కే, కొత్తవాళ్లు దిగాలంటే మనమే కట్టాలి. తర్వాత తెలిసింది, అంతకుముందు ఇంట్లో కూడా ఇలాగే చేసి ఖాళీ చేశారట. బ్రోకర్‌ని అడిగితే "నాకు తెలీదు సార్, నేను చూపించేవరకే" అన్నాడు. నిజమే, అతను చూపించేవరకే. మనుషుల గురించి వాకబు చేయాల్సింది మనం.

ఇక సొంతంగా. 2023 జూన్ 25న వాళ్లు వెళ్లారు, గోడలకి సున్నం వేయించి ఫోటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టాను. మొదటి రెండు రోజుల్లో నలభై దాకా ఫోన్లు వచ్చాయి, సగానికి పైగా బ్రోకర్లే, "మా దగ్గర పార్టీ రెడీగా ఉంది సార్". ఇంకొకడు ఆర్మీ ఆఫీసర్నని, విజయవాడకి ట్రాన్స్‌ఫర్ అయిందని, ఇల్లు చూడకుండానే అడ్వాన్స్ పంపిస్తానని, క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమన్నాడు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి, డబ్బు మనకి రావాలంటే స్కాన్ చేయడం గానీ పిన్ కొట్టడం గానీ ఉండదు, పిన్ కొట్టామంటే మన అకౌంట్ నుంచి పోతున్నట్టే. మా ఆవిడ పక్కనుండి ఆపింది కాబట్టి సరిపోయింది.

అసలు దెబ్బ ముహూర్తం దగ్గర తగిలింది. ఆషాఢం అప్పటికే మొదలైంది. మన దగ్గర అద్దె ఇంట్లోకైనా పాలు పొంగించుకుని దిగుతారు కదా, ఆషాఢంలో చాలామంది కుటుంబాలవాళ్లు కదలరు. అది చాలదన్నట్టు 2023లో శ్రావణం అధికమాసం వచ్చింది. జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా అధిక శ్రావణం, అదీ ఎవరికీ పట్టదు. చూసినవాళ్లు బాగుందనడం, "నిజ శ్రావణం రానివ్వండి" అనడం. నేను గుంటూరు నుంచి బస్సెక్కి ఐదు ఆదివారాలు తిరిగాను, రెండుసార్లు వస్తామన్నవాళ్లు ఫోనెత్తలేదు. తాళం చెవి వాచ్‌మన్‌కి ఇచ్చేశాక కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

చివరికి మనుషులు దొరికింది ఆన్‌లైన్లో కూడా కాదు. వాచ్‌మన్ సలహా మీద గేటుకి చిన్న టు-లెట్ ఫ్లెక్సీ కట్టించాను, అద్దె ఎంతో కూడా దాని మీదే రాయించాను. దానికి వచ్చినవి ఏడు ఫోన్లే, కానీ ముగ్గురు వచ్చి చూశారు, ఒకరు తీసుకున్నారు. కారణం తేలికే, ఆ బోర్డు చదివినవాడు అప్పటికే ఆ వీధిలో తిరుగుతున్నాడు, ఏరియా నచ్చింది, అద్దె తెలిసింది, ఇక ఇల్లు చూడటమే మిగిలింది. ఆయన అక్కడికి దగ్గర్లోనే ఇంజనీరింగ్ కాలేజీలో పనిచేస్తారు, రోజూ ఆ దారినే నడుస్తారు.

వాళ్లావిడ ఇల్లు చూసిన తీరు నాకింకా కళ్ల ముందుంది. వంటగదిలో పంపు తిప్పి ధార ఎలా వస్తుందో చూసింది, బాత్రూమ్ పంపు కూడా తిప్పింది, మున్సిపల్ నీళ్లు ఏ టైముకొస్తాయి, లేనప్పుడు బోరేనా అని అడిగింది, బాల్కనీలోకెళ్లి "బట్టలారేస్తే సాయంత్రం దాకా ఎండ ఉంటుందా?" అంది. పావుగంట పైనే చూసింది. ఉండాలని వచ్చేవాళ్లు అలా చూస్తారు. రెండేళ్లు ఉండే ఇంట్లో నీళ్ల ఇబ్బంది భరించలేరు కాబట్టి ముందే అడుగుతారు. ఎల్లుండే దిగుతామన్న ఆయనకి ఆ బెంగేమీ లేకపోయింది.

అయినా ఈసారి ఇల్లు చూసిన తీరు ఒక్కటే నమ్ముకోలేదు. వాళ్లు అప్పుడున్న ఇంటి ఓనర్‌ని కాకుండా దానికి ముందు ఇంటి ఓనర్ నంబర్ అడిగాను. ఇప్పటి ఓనర్ అయితే, వాళ్లు ఇబ్బంది పెడుతుంటే ఎలాగోలా పంపించేయాలని మంచివాళ్లనే చెప్పొచ్చు. ముందు ఓనర్‌కి అబద్ధం చెప్పాల్సిన పనేముంది? ఆయన్ని అడిగింది మూడే మాటలు, అద్దె ఏ తేదీకి వచ్చేది, కరెంటు బిల్లు బాకీ పెట్టారా, మళ్లీ మీ ఇల్లు ఖాళీ ఉంటే వాళ్లకిస్తారా. మూడో ప్రశ్నకి ఆలోచించకుండా "తప్పకుండా ఇస్తానండి" అన్నాడు. తర్వాత అడ్వాన్స్ తీసుకోవడానికి వాళ్లింటికే వెళ్లాను, ఇల్లు సర్దుకున్న తీరు పది నిమిషాలు కూర్చుంటే తెలిసిపోతుంది.

జూలై చివర్లో అడ్వాన్స్ ఇచ్చారు, ఆగస్టు 20 ఆదివారం దిగారు. అంటే 56 రోజులు ఖాళీ. అద్దె లెక్కన 24,000 పైన, మెయింటెనెన్స్ 2,800, దాదాపు 27,000 పోయినట్టు. బ్రోకర్ ద్వారా మొదటిసారి అయిన దానికి రెండింతల పైనే. నిజానికి ఆ రెండు నెలల్లో బ్రోకర్‌కిచ్చినా కుటుంబం దొరికి ఉండేది కాదేమో, బ్యాచిలర్స్‌ని తెచ్చేవాడు. కానీ వాళ్లు ఇప్పటికీ అక్కడే ఉన్నారు, ఆ తర్వాత ఒక్కరోజు ఖాళీ లేదు, ఒక్క రూపాయి కమీషన్ లేదు, వాచ్‌మన్‌కి ఇచ్చిన రెండు వేలు తప్ప.

మీ సంగతికొస్తే, మీరు పటమటలోనే లేదా ఆ చుట్టుపక్కలే ఉంటే మొదటి మూడు వారాలు సొంతంగా ప్రయత్నించండి. గేటుకి బోర్డు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు, వాచ్‌మన్‌తో ఒక మాట, ఆన్‌లైన్ వీటన్నిటి తర్వాత. అప్పటికీ కాకపోతే బ్రోకర్‌కివ్వండి, ఎందుకంటే 13,000 అద్దె మీద పదిహేను రోజులు ఖాళీ ఉంటే సగం నెల కమీషన్ అక్కడికే సరిపోతుంది. మీరు ఊళ్లో లేకపోతే మొదటి రోజే బ్రోకర్‌కి చెప్పండి, కాకపోతే కమీషన్ రెండో నెల అద్దె పడ్డాక సగం ఇస్తానని అడగండి, నేను తర్వాత మాట్లాడిన ఒకాయన దీనికి ఒప్పుకున్నాడు. ముందు ఓనర్‌కి ఫోన్ చేసే పని మాత్రం ఎవరికీ అప్పగించకండి.

అగ్రిమెంటు మామూలుగా పదకొండు నెలలకి రాసుకుంటారు. బ్రోకర్ తెచ్చే ప్రింటులో కరెంటు గురించి ఉండదు, నాకు జరిగింది అదే. దిగే రోజు మీటరు రీడింగ్ ఫోటో తీసి, ఆ అంకె అగ్రిమెంటులో రాయించి, ఖాళీ చేసే రోజు బిల్లు అడ్వాన్స్‌లోంచి మినహాయించుకుంటామని ఒక వాక్యం చేర్చండి. వచ్చే నెల ఖాళీ అన్నారు గానీ అది ఏ నెలో చెప్పలేదు, ఒకసారి క్యాలెండర్‌లో ఆషాఢం ఎప్పుడుందో చూసుకోండి. దానికి ముందు నెల రోజులే ఉంటే ఇప్పుడున్నవాళ్లనే అడిగి ఈ వారంలోనే చూపించడం మొదలుపెట్టండి, వాళ్ల సామాను లోపల ఉన్నా పర్వాలేదు.