చందా ఏ తేదీన వచ్చిందని కాదు, ఏ ఏడాదికి వచ్చిందో చూడాలి

సందేహం: కావలిలో మా క్లబ్‌కు ట్రెజరర్‌ని. 120 మంది సభ్యులు, ఏడాదికి 1,200 చందా. గూగుల్ షీట్స్‌లో రాస్తున్నాను. 2025-26లో 2,07,600 జమైంది. అందులో పాత బకాయిలు, వచ్చే ఏడాది అడ్వాన్సులు, కొత్తగా నలుగురు కట్టిన శాశ్వత సభ్యత్వం 60,000 అన్నీ కలిశాయి. ఈ ఏడాది ఆదాయం ఎంత చూపాలి?

జవాబు: తేదీ, రసీదు నంబరు, మొత్తం పక్కన D కాలమ్‌లో ‘ఏ ఏడాదికి’ అని రాయండి. ఒకే సభ్యుడు బకాయితో కలిపి 2,400 కడితే అదే రసీదు నంబరుతో రెండు వరుసలు వేయండి. శాశ్వత సభ్యత్వానికి అక్కడ ఏడాది బదులు ‘శాశ్వత’ అని ఉండాలి. తేదీ A లో, మొత్తం C లో ఉంటే సూత్రం ఇది:

```
=SUMIFS(C:C,D:D,"2025-26",A:A,"<="&DATE(2026,3,31))
```

నిరుటి మార్చిలోనే ఐదుగురు ఈ ఏడాదికి 6,000 కట్టారనుకుందాం. ఈ ఏడాది జమలో 9,600 పాత బకాయి, 12,000 వచ్చే ఏడాది అడ్వాన్సు. అవీ, శాశ్వత సభ్యత్వమూ తీసేస్తే మిగిలేది 1,26,000. సూత్రం దానికి ఆ 6,000 కూడా కలిపి 1,32,000 చూపుతుంది. రావలసింది 120 మందికి 1,44,000. తేడా 12,000, అంటే పది మంది ఇంకా కట్టలేదు. ఆదాయ వ్యయాల ఖాతాలో చందా 1,44,000 వేసి, ఆ 12,000 బకాయిని ఆస్తుల్లో, 12,000 అడ్వాన్సును అప్పుల్లో చూపండి. వసూలయ్యే ఆశ లేని బకాయి ఉంటే దాన్ని మాత్రం ఆదాయంలో కలపొద్దు. పాత 9,600 నిరుడే ఆదాయంలోకి వెళ్లిపోయింది, మళ్లీ లెక్కలోకి రాదు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు: ఏప్రిల్ రాగానే కొత్త షీట్ మొదలుపెడతారు. అలా చేస్తే నిరుటి అడ్వాన్సు కనిపించదు, కట్టేసినవాళ్లకే బకాయి నోటీసు వెళ్తుంది. ఎన్నేళ్లయినా వసూళ్లన్నీ ఒకే షీట్‌లో ఉండాలి.

మొత్తం తక్కువ వస్తే ముందు తేదీలు చూడండి. ఎడమ వైపుకు జరిగి కనిపించే తేదీని షీట్ మామూలు అక్షరాలుగా తీసుకుందన్నమాట, సూత్రం దాన్ని వదిలేస్తుంది. File > Settings లో Locale ఇండియాకు మార్చి ఆ తేదీలను మళ్లీ టైప్ చేయండి. ‘25-26’ అని ఒకచోట, ‘2025-26’ అని ఇంకోచోట రాసినా ఇదే గొడవ. D కాలమ్‌కు Data > Data validation లో డ్రాప్‌డౌన్ పెట్టేస్తే ఆ టెన్షన్ ఉండదు.

శాశ్వత సభ్యత్వాన్ని ఏడాదులకు పంచే లెక్క మాత్రం వేరే షీట్‌లో పెట్టండి. పదేళ్లకు పంచాలని కమిటీ తీర్మానిస్తే, B లో మొత్తం, C లో చేరిన ఆర్థిక సంవత్సరం మొదలైన ఏడాది (2025), F1 లో నడుస్తున్న ఆర్థిక సంవత్సరం మొదలైన ఏడాది (2025):

```
=IF(AND($F$1>=C2,$F$1<C2+10),B2/10,0)
```

ఒక్కొక్కరి 15,000లో ఈ ఏడాదికి 1,500. నలుగురికీ 6,000 ఆదాయం, మిగతా 54,000 అప్పుల్లో ఉంటుంది. దాంతో మీ చందా ఆదాయం మొత్తం 1,50,000. ఏప్రిల్‌లో F1 ను 2026 చేస్తే చాలు.

ఆ నలుగురిని 120 మందిలో లెక్కపెట్టారేమో చూసుకోండి. పెడితే వాళ్ల పేరున 4,800 ఉత్తుత్తి బకాయి తేలుతుంది.