రెజ్యూమేలో ‘పీ అండ్ ఎల్’ అని ఉంటే చూడవలసినవి

ప్రశ్న: మా కంపెనీ సీఓఓ పోస్టుకు వచ్చిన రెజ్యూమేలలో అందరూ బోర్డు అనుభవం, లాభనష్టాల బాధ్యత, సంస్థను మార్చి చూపిన ఫలితాలు ఉన్నాయనే రాశారు. మా ప్రకటనలో అడిగినవీ అవే. వీటిలో ఎవరిది నిజంగా సరిపోతుందో ఎలా తేల్చుకోవాలండీ?

జవాబు: ముందుగా లాభనష్టాల వాక్యాన్ని పట్టుకోండి. నేను హైదరాబాదులో ఒక బల్క్ డ్రగ్స్ కంపెనీకి హెచ్‌ఆర్ అధిపతిగా ఉన్నప్పుడు ఇలాంటి పోస్టుకే వచ్చిన ఒక రెజ్యూమేలో ‘600 కోట్ల పీ అండ్ ఎల్ బాధ్యత’ అని ఉంది. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే, ఆ 600 కోట్లు అమ్మకాలేననీ, ధర తగ్గించాలన్నా, ముడిసరుకు కొనుగోలు ఒప్పందం మార్చాలన్నా, కొత్త రియాక్టరు కొనాలన్నా సంతకం వేరొకరిదనీ తేలింది. అది చిన్న బాధ్యతేమీ కాదు, కానీ మాకు కావలసింది అది కాదు. అందుకే ఎంత ఖర్చు వరకు సొంత సంతకంతో ఆమోదించేవారో, బోనస్ అమ్మకాలను బట్టి వచ్చేదా లాభాన్ని బట్టి వచ్చేదా అన్నది నేను తప్పకుండా అడుగుతాను. లిస్టెడ్ కంపెనీ అయితే వార్షిక నివేదికలో సెగ్మెంట్ల వారీ ఫలితాలు కూడా చూడవచ్చు. అయితే ఆ విభాగాన్ని విడి సెగ్మెంటుగా చూపకపోతే అక్కడ ఏమీ దొరకదు.

ఫలితాల విషయంలో శాతాలను రూపాయల్లోకి మార్చండి. అదే పోస్టుకు వచ్చిన మరొకాయన, 400 కోట్ల వ్యాపారంలో ఎబిటాను, అంటే వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభాన్ని, అమ్మకాల్లో 11 నుంచి 16 శాతానికి పెంచానని రాశారు. అమ్మకాలు పెద్దగా మారలేదు కాబట్టి పెరిగింది 20 కోట్లు. అది ఎక్కడెక్కడి నుంచి వచ్చిందో విడదీయమని కాగితం ఇస్తే, 11 కోట్లు ముడిసరుకు ధరలు పడిపోవడం వల్ల, 6 కోట్లు వాడిన ద్రావణిని తిరిగి రాబట్టే సాల్వెంటు రికవరీ మెరుగుపడడం వల్ల, 3 కోట్లు నష్టపు ఉత్పత్తులను ఆపడం వల్ల అని ఆయనే రాశారు. అంటే ఆయన చేతి పని 9 కోట్లు. మరుసటి ఏడాది ధరలు మళ్లీ పెరిగి మార్జిను తగ్గినా, రికవరీ మాత్రం నిలిచిందని అక్కడ ఆయన పైఅధికారి మాకు చెప్పారు. మేము ఆయననే తీసుకున్నాము. లెక్క ఏ ఏడాదితో మొదలైందో కూడా గమనించండి. హోటల్ వ్యాపారంలో కరోనా ఏడాది 2020-21తో పోల్చుకుంటే ఎవరి వృద్ధి అయినా ఘనంగానే కనిపిస్తుంది.

బోర్డు సంగతి త్వరగానే తేలుతుంది. డైరెక్టరుగా ఉన్నారో లేదో కంపెనీ వ్యవహారాల మంత్రిత్వశాఖ పోర్టల్‌లో తెలుస్తుంది. డైరెక్టరు కాకుండా ఆహ్వానితులుగా వెళ్లినవారైతే, బోర్డు తమ ప్రతిపాదనను తిప్పి పంపిన ఒక సందర్భం చెప్పమనండి. నిజంగా ఆ గదిలో నిలబడినవారికి ఏ అభ్యంతరం వచ్చిందో, తర్వాతి సమావేశానికి ఏ అంకె మార్చి తీసుకెళ్లారో గుర్తుంటుంది. స్లైడ్లు తయారు చేసి పైవారికి అందించినవారు ఆ ప్రతిపాదన ఎంత బాగుందో చెబుతారు.